లెక్చర్ నోట్స్ నుంచి సర్వే చెక్‌లిస్ట్: మొదటి ప్రాజెక్టు చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్నావళి ఎలా తయారుచేయాలో లెక్చర్ విన్నారు, నోట్స్ రాసుకున్నారు. ఇప్పుడు మొదటి ప్రాజెక్టుకు సొంతంగా ఒక ప్రశ్నావళి రాశారు. దాన్ని జనానికి పంపేముందు ఆ నోట్స్‌తో సరిచూసుకోవాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నోట్స్‌లో ఉన్న మాటలన్నీ నిజమే, కానీ చేతిలో ఉన్న ప్రశ్నకు వాటిని ఎలా తగిలించాలో అంతుపట్టదు. ఈ పేజీ ఆ ఒక్క పని గురించే. ఉదాహరణగా పేజీ పొడవునా ఒకే ప్రాజెక్టును తీసుకుందాం: ఒక కాలేజీలో విద్యార్థులు గ్రంథాలయాన్ని ఎంత వాడుతున్నారు, వాడనివారు ఎందుకు వాడటం లేదు అని తెలుసుకునే చిన్న సర్వే.

## నోట్స్‌నే చెక్‌లిస్ట్‌గా వాడితే ఏమవుతుంది?

నోట్స్‌లో “ప్రశ్నలు స్పష్టంగా ఉండాలి” అని ఉంటుంది. ప్రశ్న రాసిన మనిషిని “ఇది స్పష్టంగా ఉందా?” అని అడిగితే ఉందనే చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. తాను అడగదలుచుకున్నది తనకు ముందే తెలుసు కాబట్టి, వాక్యంలో లేని అర్థం కూడా వారికి కనిపిస్తుంది. అలా ప్రతి ప్రశ్నకూ టిక్కు పడిపోతుంది, ప్రశ్నావళి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

చెక్‌లిస్ట్‌లో ఉండాల్సింది ప్రశ్నావళిలో ఒక చోట వేలు పెట్టి చూపించమని అడిగే వాక్యం. “స్పష్టంగా ఉందా?” అనే బదులు “ఈ ప్రశ్నలోని ప్రధాన క్రియకు ఇద్దరు మనుషులు వేర్వేరు పనులు అనుకోగలరా? అనుకోగలిగితే ఆ రెండూ రాయండి” అని అడగండి. గ్రంథాలయాన్ని “ఉపయోగించడం” అన్న మాట మీద ఈ అంశాన్ని పెట్టి చూస్తే వెంటనే నాలుగు పనులు బయటికొస్తాయి: లోపల కూర్చుని చదవడం, పుస్తకం ఇంటికి తెచ్చుకోవడం, తిరిగి ఇచ్చి రావడం, ఫోన్‌లో గ్రంథాలయ ఖాతాతో పత్రికలు చదవడం. టిక్కు పెట్టి పక్కకు జరిగే వీలు లేకుండా పోతుంది. అంశం సరిగ్గా రాశామనడానికి నేను చూసే గుర్తు అదే.

## లెక్చర్‌లో చెప్పినవన్నీ చెక్‌లిస్ట్‌లోకి ఎక్కించాలా?

వద్దు. ముందు నోట్స్‌లోని ఒక్కో వాక్యం పక్కన ఒక్క అక్షరం రాసుకుంటూ వెళ్లండి. కాగితం మీద ప్రశ్న చూసి తేల్చగలిగేదానికి “కా”. జవాబిచ్చే మనిషి ఎదురుగా ఉంటే తప్ప తేలనిదానికి “మ”. ప్రాజెక్టు మొత్తానికి ఒక్కసారి నిర్ణయించుకుంటే సరిపోయేదానికి “ని”. మిగిలింది నేపథ్యం, అది నోట్స్‌లోనే ఉండనివ్వండి.

“ఆప్షన్లు ఒకదానిమీద ఒకటి పడకూడదు” అన్నది కాగితం మీదే తేలిపోతుంది. 1–5, 5–10 అని ఉంటే 5 ఎక్కడ వేయాలో తెలియదు, దీనికి ఎవరినీ అడగక్కర్లేదు. “జవాబిచ్చేవారికి తెలిసిన మాటలే వాడాలి” అన్నది మనిషిని అడిగితేనే తేలుతుంది. వారికి ఏ మాట తెలుసో మన ఊహ చాలా తరచుగా తప్పుతుంది. “స్కేలులో 5 మెట్లా, 7 మెట్లా, మధ్యలో తటస్థం ఉండాలా” అన్నది నిర్ణయం. ఈ విషయంలో పరిశోధకుల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి, కాబట్టి ప్రతి ప్రశ్న దగ్గరా ఆ చర్చ మళ్లీ మొదలుపెట్టడం వృథా. ఒకసారి నిర్ణయించుకుని చెక్‌లిస్ట్ పైభాగంలో “మన స్కేలు: 5 మెట్లు, ప్రతి మెట్టుకూ మాట ఉంటుంది” అని రాసేయండి. అప్పుడు తనిఖీలో చూడాల్సింది ఒక్కటే: ఈ ప్రశ్న ఆ నిర్ణయానికి కట్టుబడి ఉందా లేదా.

ఈ విభజన చేయకపోతే “మ” అంశాలు కాగితం తనిఖీలోకి చొరబడతాయి. “జవాబిచ్చేవారికి అర్థమవుతుందా?” అన్న గడిలో మనమే టిక్కు పెట్టేస్తాం, మనుషుల్ని అడగాల్సిన పని అయిపోయిందనుకుంటాం. మొదటి ప్రాజెక్టుల్లో దొర్లే లోపాల్లో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా అనిపించేది ఇదే. పని జరగలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు మరి.

## ఒక ప్రశ్నను మొదటినుంచి చివరిదాకా సరిచూసి చూపించగలరా?

మన గ్రంథాలయ సర్వేలో మొదటి ముసాయిదా ప్రశ్న ఇలా ఉందనుకుందాం:

“మీరు సాధారణంగా గ్రంథాలయాన్ని ఎంత తరచుగా, ఎంతసేపు ఉపయోగిస్తారు? చాలా తరచుగా / తరచుగా / అప్పుడప్పుడు / అరుదుగా”

ప్రశ్నావళి లెక్చర్లలో తరచూ వినిపించే ఒక నమూనా ఉంది. రోజర్ టూరాంజో అనే పరిశోధకుడు 1980ల్లో ప్రతిపాదించాడు. ఏ సర్వే ప్రశ్నకైనా జవాబిచ్చే మనిషి నాలుగు పనులు చేస్తాడు: ప్రశ్నను అర్థం చేసుకోవడం, కావాల్సిన సంగతి గుర్తుతెచ్చుకోవడం, గుర్తొచ్చినదాన్ని బేరీజు వేసి ఒక అంచనాకు రావడం, ఆ అంచనాను ఇచ్చిన ఆప్షన్లలో ఒకదానికి అమర్చడం. చాలామంది దీన్ని సిద్ధాంతం కింద రాసుకుని పక్కన పెట్టేస్తారు. నిజానికి లెక్చర్ మొత్తంలో చెక్‌లిస్ట్‌కు వెన్నెముకగా నిలబడేది ఇదే, ఎందుకంటే ప్రశ్న ఎక్కడ జారిపోతుందో చూసే క్రమాన్ని ఇది ఇచ్చేస్తుంది.

అర్థం చేసుకోవడం దగ్గర మొదలుపెడదాం. “ఉపయోగించడం” అంటే నాలుగు పనులని పైన చూశాం. పైగా “ఎంత తరచుగా, ఎంతసేపు” అని రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. వారానికి ఒక్కసారే వెళ్లి ఆరు గంటలు కూర్చునే విద్యార్థి ఏం జవాబివ్వాలి?

గుర్తుతెచ్చుకోవడం దగ్గర చూస్తే, ప్రశ్నలో కాలవ్యవధే లేదు. ఒకరు పోయిన వారాన్ని తలుచుకుంటారు, ఇంకొకరు సంవత్సరమంతా తలుచుకుంటారు.

అంచనా దగ్గర “సాధారణంగా” అన్న మాట ఇబ్బంది పెడుతుంది. పరీక్షల ముందు రోజూ వెళ్లి, మిగతా నెలల్లో అటు తొంగి చూడని విద్యార్థికి “సాధారణం” అంటూ ఏదీ లేదు. మనం అతని చేత సగటు లెక్క కట్టిస్తున్నాం, ఎలా కట్టాలో చెప్పకుండా.

ఆప్షన్ల దగ్గర “తరచుగా” అన్నది ఒకరికి రోజూ, మరొకరికి నెలకు రెండుసార్లు. అసలు వెళ్లనివారికి గడే లేదు. వాడనివారి గురించి తెలుసుకోవడానికే పెట్టిన సర్వేలో వారికి చోటు లేకపోతే వారు “అరుదుగా” అని వేసి ముందుకు పోతారు, మనకు కావాల్సిన సమాచారం అక్కడే మాయమవుతుంది.

సవరించాక ఇది రెండు ప్రశ్నలవుతుంది:

“ఈ రోజు కాకుండా, దీనికి ముందు 7 రోజుల్లో మీరు గ్రంథాలయ భవనంలోకి ఎన్ని రోజులు వెళ్లారు? పుస్తకం తిరిగి ఇచ్చి వెంటనే వచ్చేసినా లెక్కలోకి తీసుకోండి. 0 / 1 / 2 / 3 / 4 / 5 / 6 / 7”

“ఆ 7 రోజుల్లో చివరిసారి వెళ్లినప్పుడు లోపల సుమారు ఎంతసేపు ఉన్నారు? 15 నిమిషాల లోపు / 15 నుంచి 59 నిమిషాలు / 1 గంట నుంచి 1 గంట 59 నిమిషాలు / 2 గంటలు లేదా అంతకంటే ఎక్కువ”

రెండో ప్రశ్న మొదటిదానికి 0 వేసినవారికి కనపడకూడదు. “ఎన్నిసార్లు” అనకుండా “ఎన్ని రోజులు” అన్నాం, మధ్యలో టీ తాగడానికి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తే అది రెండుసార్లా అన్న సందేహం లేకుండా. సగటు సమయం అడగకుండా “చివరిసారి” అని అడిగాం, ఒక్క సందర్భాన్ని గుర్తుచేసుకోవడం సగటు కట్టడం కంటే తేలిక కాబట్టి. దీనివల్ల ఒక్కో విద్యార్థి అలవాటు మనకు తెలియదు, మొత్తం బృందంలో ఒక సందర్శన ఎంతసేపు సాగుతుందన్న చిత్రం మాత్రం వస్తుంది. మీ ప్రాజెక్టుకు ఒక్కొక్కరి అలవాటే కావాలంటే ఈ రూపం చాలదు.

## 7 రోజులా, 30 రోజులా? చెక్‌లిస్ట్ ఇది చెబుతుందా?

చెప్పదు, కానీ ఎందుకు ఎంచుకున్నారో మీచేత రాయిస్తుంది, రాయించాలి.

వ్యవధి పెరిగేకొద్దీ మనిషి లెక్కపెట్టడం మానేసి ఊహించడం మొదలుపెడతాడు. పైగా వ్యవధికి బయట జరిగిన సంగతి కూడా ఇటీవలే జరిగినట్టు అనిపించి లోపలికి జరుగుతుంది. సర్వే పరిశోధనలో దీన్ని టెలిస్కోపింగ్ అంటారు. దూరాన ఉన్నది దుర్భిణిలో దగ్గరగా కనిపించినట్టు అన్నమాట. వ్యవధి మరీ తగ్గితే ఇంకో చిక్కు: నెలకోసారి వెళ్లే విద్యార్థి 7 రోజుల ప్రశ్నకు చాలావరకు 0 అనే వేస్తాడు, అతనూ అసలు వెళ్లనివాడూ ఒకే గడిలో పడతారు.

మన ప్రాజెక్టులో వాడనివారిని వేరు చేయడం ముఖ్యం కాబట్టి, 0 వేసినవారికి మాత్రం మరో ప్రశ్న చేర్చాలి: “ఈ విద్యాసంవత్సరం మొదలైనప్పటినుంచి ఒక్కసారైనా గ్రంథాలయ భవనంలోకి వెళ్లారా?” అవును, కాదు అన్న జవాబుకు లెక్కపెట్టాల్సిన పని లేదు, కాబట్టి పెద్ద వ్యవధి అయినా పర్వాలేదు. “విద్యాసంవత్సరం మొదలు” అన్నది అందరికీ గుర్తుండే హద్దు కావడం కూడా కలిసొస్తుంది.

చెక్‌లిస్ట్‌లో అంశం ఇలా రాయండి: “వ్యవధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రశ్నలో ఉందా? ఫారం ఏ రోజు నింపినా ఆ మాట సరిపోతుందా?” ఈ రెండో భాగం చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ఫారాలు ఇక్కడే దెబ్బతింటాయి. “పోయిన సోమవారం నుంచి నిన్నటి ఆదివారం వరకు” అని రాస్తే సోమవారం నింపినవారికే అది సరైనది. ఫారం వారం రోజులు తెరిచి ఉంచితే బుధవారం నింపేవారు అయోమయపడతారు.

## ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని ఎలా పట్టుకోవాలి? “మరియు” కోసం వెతికితే చాలదా?

చాలదు. “సీట్లు, వేళలు సౌకర్యంగా ఉన్నాయా?” లాంటివి వెతికితే దొరుకుతాయి. అసలు ఇబ్బంది కామా లేకుండా కలిసిపోయిన వాటితో. “నిశ్శబ్దంగా ఉండటం వల్ల గ్రంథాలయంలో మీ చదువు బాగా సాగుతుందా?” అన్న ప్రశ్న చూడండి. ఇందులో మూడు విషయాలున్నాయి: గ్రంథాలయం నిశ్శబ్దంగా ఉందని మనమే తేల్చేశాం, అక్కడ చదువు సాగుతుందా అని అడిగాం, దానికి కారణం నిశ్శబ్దమేనా అని కూడా అడిగాం. చదువు బాగా సాగుతుంది కానీ కారణం మంచి కుర్చీలు అనుకునేవారు అవును అనలేరు, కాదు అనలేరు.

అందుకే అంశాన్ని వ్యాకరణం మీద కాకుండా మనిషి మీద పెట్టండి: “ఈ ప్రశ్నలో సగానికి అవును, సగానికి కాదు అనే ఒక మనిషిని ఊహించి రాయగలరా?” రాయగలిగితే ప్రశ్న విడగొట్టాల్సిందే.

## ఆప్షన్లలో ఏం చూడాలి?

తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే, కాబట్టి సమయం ఎక్కువ కేటాయించండి. హద్దులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా, మధ్యలో ఖాళీ ఉందా అన్నవి ఎవరైనా చూస్తారు. కంటికి కనిపించనిది ఇంకొకటుంది: ఆప్షన్లు కూడా జవాబిచ్చేవారితో మాట్లాడతాయి.

నోర్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన ప్రయోగంలో జర్మనీలో కొందరిని రోజుకు ఎంతసేపు టీవీ చూస్తారని అడిగారు. ఒక బృందానికిచ్చిన ఆప్షన్లు “అరగంట వరకు” దగ్గర మొదలై “రెండున్నర గంటలకు పైగా” దగ్గర ముగిశాయి. మరో బృందానికి “రెండున్నర గంటల వరకు” దగ్గర మొదలై “నాలుగున్నర గంటలకు పైగా” దాకా వెళ్లాయి. రెండున్నర గంటలకు మించి చూస్తామన్నవారు మొదటి బృందంలో 16.2 శాతం, రెండో బృందంలో 37.5 శాతం. ప్రశ్న ఒక్కటే. జనం మధ్యలోని ఆప్షన్‌ను “అందరూ ఇంతే చూస్తారు కాబోలు” అని చదువుకున్నారు, తమ జవాబును దాని పక్కన పెట్టుకున్నారు.

లెక్చర్‌లో ఇది ఒక ఆసక్తికరమైన ప్రయోగంగా వినబడి ముగిసిపోతుంది. చెక్‌లిస్ట్‌లో అది ఇలా మారాలి: “పరిమాణం అడిగే ప్రశ్నల్లో నేరుగా అంకె వేయించవచ్చా? వేయించలేకపోతే ఈ హద్దులు ఎక్కడినుంచి వచ్చాయి?” మన సవరణలో రోజుల ప్రశ్నకు 0 నుంచి 7 అన్నీ ఇచ్చాం, దాచిపెట్టిన సూచన లేదు. సమయం ప్రశ్నలో హద్దులు మనం పెట్టినవే, కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఉంది. హద్దులు ఊహించే బదులు ముందుగా కొద్దిమందిని అంకె రూపంలో అడిగి, వచ్చిన జవాబులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నాయో చూసి హద్దులు వేయడం మేలు.

మరొకటి: “తెలియదు”, “నాకు వర్తించదు”, “చెప్పదలుచుకోలేదు” అన్నవి మూడు వేర్వేరు జవాబులు. మూడూ ప్రతి ప్రశ్నకూ అక్కర్లేదు. అవసరమైన చోట ఒకదాని బదులు మరొకటి పెడితే తర్వాత పట్టికలో వాటిని విడదీయలేరు.

## ప్రశ్నల వరుస కూడా తనిఖీలోకి వస్తుందా?

వస్తుంది, కానీ ఒక్కో ప్రశ్నను విడిగా చూసేటప్పుడు ఇది అసలు కనపడదు. అందుకే చెక్‌లిస్ట్‌ను రెండు విడతలుగా పెట్టాలి: ఒకసారి ప్రశ్నల వారీగా, ఇంకోసారి మొదటినుంచి చివరిదాకా ఏకబిగిన.

1948లో అమెరికాలో హర్బర్ట్ హైమన్, పాల్ షీట్స్లీ అడిగించిన జంట ప్రశ్నలు ఈ విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానిచ్చి, చూసింది చూసినట్టు వారి పత్రికలకు రాయనివ్వాలా అన్నది ఒకటి. అమెరికా విలేకరులను రష్యాలోకి రానివ్వాలా అన్నది రెండోది. మొదటి ప్రశ్నను ముందుగా అడిగితే రానివ్వాలన్నవారు 36 శాతం. అమెరికా విలేకరుల ప్రశ్న తర్వాత అదే అడిగితే 73 శాతం. మన వాళ్లను రానివ్వాలని అప్పుడే చెప్పిన నోటితో వాళ్లను వద్దనడం చాలామందికి కుదరలేదు.

మన సర్వేలో ఇది ఇలా వస్తుంది. సీట్లు దొరకవు, వేళలు చాలవు, పుస్తకాలు పాతవి లాంటి అయిదు ఇబ్బందుల గురించి అడిగాక “మొత్తం మీద గ్రంథాలయం మీకు ఎలా ఉంది?” అని అడిగితే, ఆ అయిదింటి నీడ జవాబు మీద పడుతుంది. మొత్తం అభిప్రాయం ముందు, విడి విషయాలు తర్వాత ఉంచండి. అంశం: “ఈ ప్రశ్నకు ముందున్న ప్రశ్నలు తీసేస్తే జవాబు మారే అవకాశం ఉందా? ఏ ప్రశ్న వల్ల?”

## చెక్‌లిస్ట్‌లో అన్నిటికన్నా ముందు ఏ అంశం ఉండాలి?

“ఈ ప్రశ్నకు వచ్చే జవాబు నివేదికలో ఏ పట్టికలో పడుతుంది?”

సర్వే మొదలుకాకముందే నివేదికలో రాబోయే పట్టికలను ఖాళీ గడులతో గీయండి. మన ప్రాజెక్టులో ఒకటి: అడ్డువరుసల్లో మొదటి, రెండో, మూడో సంవత్సరం విద్యార్థులు, నిలువువరుసల్లో గత 7 రోజుల్లో వెళ్లిన రోజులు. ఇంకొకటి: ఈ సంవత్సరం అసలు వెళ్లనివారు చెప్పిన కారణాలు. ఇప్పుడు ముసాయిదాలోని ఒక్కో ప్రశ్న నంబరును ఆయా పట్టికల మీద రాయండి. ఏ పట్టికకూ చేరని ప్రశ్నలు మిగులుతాయి, “మీ తల్లిదండ్రుల వృత్తి ఏమిటి?” లాంటివి. లెక్చర్‌లో నేపథ్య వివరాలు అడగాలని చెప్పారు కాబట్టి పెట్టి ఉంటారు. వాటిని తీసేయండి. అలాగే ఏ ప్రశ్నా నింపని గడులు కూడా కనిపిస్తాయి: సంవత్సరం వారీగా పట్టిక గీశారు కానీ ఏ సంవత్సరం చదువుతున్నారని ఎక్కడా అడగలేదు. సర్వే ముగిశాక ఇది తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ అంశం ముందుండాలనడానికి ఇంకో కారణం, తీసేయాల్సిన ప్రశ్నకు మాటలు దిద్దుతూ కూర్చునే శ్రమ తప్పుతుంది.

## చివరికి చెక్‌లిస్ట్ ఎలా కనిపిస్తుంది?

గ్రంథాలయ సర్వేకు సరిపోయేది ఇలా ఉంటుంది. మీ ప్రాజెక్టుకు కొన్ని మారతాయి. పది పన్నెండు దాటితే మాత్రం మనుషులు చదవకుండా టిక్కులు పెట్టడం మొదలుపెడతారు.

ఒక్కో ప్రశ్నకు:

1. ఏ పట్టికలో పడుతుంది? పట్టిక నంబరు రాయండి.
2. ప్రధాన క్రియకు రెండు అర్థాలు రాయగలరా?
3. సగానికి అవును, సగానికి కాదు అనే మనిషిని ఊహించగలరా?
4. కాలవ్యవధి మొదలు, ముగింపు ప్రశ్నలో ఉన్నాయా? ఏ రోజు నింపినా సరిపోతాయా?
5. ప్రశ్నలో “లేదు”, “కాదు” ఉండి, జవాబు కూడా అవును, కాదు రూపంలో ఉందా? ఉంటే తిరగరాయండి.
6. ఏ గడిలోనూ పడని మనిషి, రెండు గడుల్లో పడే మనిషి ఎవరైనా ఉన్నారా? ఎవరో రాయండి.
7. ఈ ప్రశ్న ఎవరికి వర్తించదు? వారికి ఇది కనపడకుండా దాటవేత పెట్టారా?

మొత్తం ప్రశ్నావళికి:

8. ముందున్న ప్రశ్న వల్ల జవాబు మారే చోట్లు ఏవి?
9. దాటవేతలన్నీ చివరిదాకా నడిచి చూశారా? అసలు వెళ్లని విద్యార్థిగా ఒకసారి, రోజూ వెళ్లే విద్యార్థిగా ఒకసారి.
10. ఫోన్‌లో తెరిచి, మొదటినుంచి చివరిదాకా నింపి చూశారా?

అయిదో అంశం చిన్నదే అయినా వదలొద్దు. “వేళలు సరిపోవడం లేదని మీకు అనిపించడం లేదా?” అని అడిగితే “అవును” అన్నవారు సరిపోతున్నాయన్నారో, సరిపోవడం లేదన్నారో ఎవరూ చెప్పలేరు. “వేళలు మీకు ఎంతవరకు సరిపోతున్నాయి?” అంటే గొడవ లేదు.

ప్రతి అంశం పక్కన టిక్కు గడి కాకుండా రాసేందుకు ఖాళీ వదలండి. “ఉంది / లేదు” అన్న రెండు ముక్కల కన్నా “ప్రశ్న 6: మొదటి సంవత్సరం వాళ్లకు ఇంకా కార్డు రాలేదు, వాళ్లకు గడి లేదు” అన్న ఒక్క వాక్యం పనికొస్తుంది.

## ఎవరు సరిచూడాలి?

ప్రశ్నలు రాసినవారు కాకుండా ఇద్దరు, విడివిడిగా. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకుంటూ చేస్తే ఒకరి అభిప్రాయం ఇంకొకరికి అంటుకుంటుంది. ముగిశాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ పట్టుకున్నవి ముందు దిద్దండి. ఒకరే పట్టుకున్నవాటి దగ్గర ఆగి కారణం చూడండి. ఒక అంశం మీద పదే పదే ఇద్దరికీ కుదరకపోతే, లోపం సాధారణంగా ప్రశ్నలో కాదు, చెక్‌లిస్ట్ అంశంలోనే ఉంటుంది: దాన్ని ఇద్దరూ రెండు రకాలుగా చదువుతున్నారు. అంశాన్ని తిరగరాయండి.

## ఇవన్నీ చేశాక పైలట్ కూడా అవసరమా?

అవసరమే. “మ” అని రాసుకున్న అంశాలన్నీ ఇంకా అలాగే ఉన్నాయి కదా. వాటికి ముందు చేయాల్సింది ఫారం పంపి జవాబులు తెప్పించుకోవడం కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడటం. దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. మొదటి ప్రాజెక్టుకు అయిదు నుంచి ఎనిమిది మంది చాలు, కానీ వారు మీ స్నేహితుల గుంపు కాకూడదు. మన సర్వేలో కనీసం ఇద్దరు గ్రంథాలయానికి వెళ్లనివారై ఉండాలి.

విధానం కష్టమైనదేమీ కాదు. వారు ప్రశ్న చదివి జవాబివ్వాలి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ ఉండాలి. ఆ తర్వాత మీరు అడగండి: “ఈ ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి”, “2 అని ఎలా లెక్కపెట్టారు?”, “గ్రంథాలయ భవనం అన్నప్పుడు మీకు ఏ చోటు గుర్తొచ్చింది?” “అర్థమైందా?” అని మాత్రం అడగొద్దు, అందరూ అయిందనే అంటారు.

మన సవరించిన ప్రశ్నకే ఇది పెట్టి చూద్దాం. ఒక విద్యార్థి 5 రోజులు అన్నాడు. ఎలా లెక్కపెట్టావని అడిగితే “కంప్యూటర్ ల్యాబ్ ఆ భవనంలోనే కింద ఉంది కదండీ, రోజూ క్లాసు అక్కడే” అన్నాడనుకోండి. కాగితం మీద పదిసార్లు చదివినా ఇది దొరకదు. ప్రశ్నలో “కింది అంతస్తులోని ల్యాబ్‌కు మాత్రమే వెళ్లిన రోజులు లెక్కపెట్టవద్దు” అని చేరుస్తారు. ఇలా దొరికిన ప్రతిదాన్నీ ప్రశ్నలో ఒక షరతుగా చేర్చుకుంటూ పోతే ప్రశ్న పేరా అంత అవుతుంది, అది మరో జబ్బు. ఒకరికి మాత్రమే వచ్చిన అనుమానమా, ఒకే రకం మనుషులందరికీ వచ్చేదా అని చూసుకుని చేర్చండి. ల్యాబ్ సంగతి ఒక కోర్సు వాళ్లందరికీ వర్తిస్తుంది కాబట్టి చేర్చాల్సిందే.

ఆ తర్వాతే అసలు ఫారంతో చిన్న పైలట్. అక్కడ చూడాల్సింది వేరు: ఏ ప్రశ్న దగ్గర జనం మధ్యలో వదిలేస్తున్నారు, ఏ ప్రశ్నకు దాదాపు అందరూ ఒకే ఆప్షన్ వేస్తున్నారు, “ఇతరం” గడిలో ఒకే మాట ఎన్నిసార్లు వస్తోంది.

## పాత సర్వేలో ప్రశ్న తెచ్చి పెట్టుకున్నాం. దాన్ని కూడా సరిచూడాలా?

చూడండి, కానీ దిద్దేముందు ఆగండి. మీ ఫలితాన్ని ఆ పాత సర్వేతో పోల్చాలనుకుంటే మాటలు, ఆప్షన్లు, వాటి వరుస ఏవీ మార్చకూడదు. మారిస్తే కనిపించే తేడా జనంలో వచ్చిందో ప్రశ్నలో వచ్చిందో తెలియదు. పోల్చే ఉద్దేశం లేకపోతే అది మీ ప్రశ్నే, మిగతావాటిలాగే దిద్దండి. పోల్చాలి కానీ లోపం కనిపిస్తోంది అంటే, అలాగే ఉంచి ఆ లోపాన్ని నివేదికలో రాయడం మంచిది.

## సర్వే మొదలయ్యాక తప్పు కనిపించింది. మార్చవచ్చా?

అచ్చుతప్పు అయితే, అర్థం మారనంతవరకు దిద్దండి. ఆప్షన్ చేర్చడం, వ్యవధి మార్చడం, వరుస మార్చడం అయితే అంతకుముందు వచ్చిన జవాబులూ ఆ తర్వాత వచ్చేవీ ఒకే ప్రశ్నకు వచ్చినవి కావు. ఉదాహరణకు మొదటి 40 మంది నింపాక సమయం ప్రశ్నలో ఒక గడి లేదని తెలిసిందనుకోండి. ఫారానికి రెండో వెర్షన్ నంబరు వేసి, మార్చిన తేదీ, సమయం రాసి పెట్టుకోండి. డేటాలో వెర్షన్ కోసం ఒక నిలువువరుస చేర్చండి. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం పట్టికలో రెండో వెర్షన్ జవాబులే వేయండి, మొదటి 40 మందిని మిగతా ప్రశ్నల్లో అలాగే ఉంచండి. పట్టిక కింద ఆ ప్రశ్నకు ఎంతమంది జవాబులు లెక్కలోకి వచ్చాయో, ఎందుకు తగ్గాయో ఒక వాక్యం రాయండి.